మొదటి సాయంత్రం డైరీని ఎలా చదవాలి?

ప్రశ్న: ఒక వారం సోషల్ మీడియా ముట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఇవాళ మొదటి సాయంత్రం. డైరీలో ఇలా రాసుకున్నాను: "ఆరున్నరకి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఏమీ తోచలేదు. ఫోన్ నాలుగైదుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. ఏడింటికి పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడితే ఎందుకో విపరీతమైన చిరాకు. అమ్మ ఏదో అడిగితే కసురుకున్నాను. ఎనిమిదిన్నరకి బట్టలు మడతపెడుతుంటే ఉన్నట్టుండి మనసు నెమ్మదించింది. పది నిమిషాలు, అంతే. పడుకోబోయే ముందు మళ్ళీ అదే గోల. ఫోన్ వణికినట్టు రెండుసార్లు అనిపించింది, చూస్తే ఏమీ లేదు." దీన్నిబట్టి నాకు ఇది వ్యసనంగా ముదిరిపోయిందనుకోవాలా? ఆ పది నిమిషాల ప్రశాంతత నిజమేనా, నేనే ఊహించుకున్నానా? మిగతా రోజుల్లో డైరీలో ఏం రాయాలి?

సమాధానం: మీరు టైములు వేసి రాశారు కాబట్టి ఈ పేజీలోంచి ఏదైనా తెలుసుకోవడం వీలవుతుంది. "ఇవాళంతా ఏదోలా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటే మీకూ నాకూ మిగిలేదేమీ ఉండేది కాదు. భావాలన్నీ కాసేపు పక్కన పెట్టి ఆ టైముల్నే వరసగా చూడండి. ఆరున్నర అంటే బయటి పని ముగిసి ఇంట్లో పని ఇంకా మొదలుకాని వేళ. ఏడింటికి గిన్నె పొయ్యి మీదికి ఎక్కింది, అది మరిగేదాకా చెయ్యడానికి ఏమీ లేదు. పడుకోబోయే ముందు రోజు అయిపోయింది, నిద్ర ఇంకా రాలేదు.

అంటే మీ కుదురులేనితనం సాయంత్రమంతా పరుచుకుని లేదు. మూడు చోట్ల వచ్చింది. ఆ మూడూ ఒక పని అయిపోయి ఇంకోటి అందుకోని సందులే. నెమ్మది దొరికింది మాత్రం చేతులకు పని ఉన్నప్పుడు. ఇది మీ పేజీలో ఉన్న అసలు విషయం. మిగతాదంతా దీన్ని పట్టుకునే చూద్దాం.

ముందు ఆ ఆరున్నర సంగతి. "ఏమీ తోచలేదు" అన్నారు. కానీ అంతకుముందు జరిగింది ఒకటుంది, అది మీ వాక్యంలోకి రాలేదు. ఇంట్లోకి రావడం, చెప్పులు విప్పడం, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోవడం, కూర్చోగానే చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళడం: ఇవన్నీ కలిసి ఒకే కదలికగా మీ ఒంటికి ఎన్నాళ్ళుగానో అలవాటైపోయి ఉంటాయి. అలవాటు పుట్టేది కోరికలోంచి కాదు, చాలాసార్లు చోటులోంచి, వేళలోంచి. అందుకే ఫలానాది చూడాలని మీకు అనిపించకముందే చెయ్యి వెళ్ళిపోయింది. ఆ కదలిక చివరి మెట్టు మీరివాళ తీసేశారు. ముందున్న మెట్లన్నీ అలాగే ఉన్నాయి. చెయ్యి వచ్చి ఖాళీలో ఆగింది. మీరు "తోచకపోవడం" అన్నది ఆ ఆగిపోవడాన్నే.

మరి ఒకసారి తీసి పెట్టేశాక ఊరుకోకుండా నాలుగైదుసార్లు ఎందుకు తీశారు? దీనికి మనస్తత్వశాస్త్రంలో బాగా నిలిచిన జవాబు ఒకటుంది. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిన సంగతి ఇది. ముక్కుతో మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజ ఆగిపోగానే పావురం త్వరలోనే నొక్కడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒక్కోసారి పడుతూ ఒక్కోసారి పడకపోతే మాత్రం, గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. ఫోన్లో మనకు జరిగేది ఈ రెండో రకం. తీసిన ప్రతిసారీ మంచి కబురేమీ ఉండదు. పదిసార్లు ఏమీ ఉండదు, పదకొండోసారి ఎవరో మనల్ని తలుచుకుని ఉంటారు. ఆ పదకొండోసారి వల్లే మొదటి పదీ మానలేం.

ఇంకో సంగతి కూడా అలాంటి ప్రయోగాల్లోనే బయటపడింది. ఫలితం ఆగిపోయిన కొత్తలో నొక్కడం వెంటనే తగ్గకపోవచ్చు, ఒక్కోసారి కాసేపు ఇంకా పెరుగుతుంది. తర్వాతే తగ్గుముఖం పడుతుంది. మొదటి సాయంత్రం మీ చెయ్యి మామూలుకంటే ఎక్కువ ఆరాటపడినట్టు అనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. ఈ ఒక్క సాయంత్రాన్ని కొలతగా తీసుకుని మీ అలవాటు ఎంత ముదిరిందో చెప్పడం కుదరదు. వారంలో ఇది అన్నిటికంటే గట్టిగా అరిచే రోజుల్లో ఒకటి కావచ్చు.

వ్యసనమా అన్నారు. ఆ మాటను ఇప్పుడే మీ మీద వేసుకోకండి. అచ్చం మీలాగే వారం రోజులు సోషల్ మీడియా మానేసినవాళ్ళ మీద 2018లో ఒక పరిశోధన అచ్చయింది. 152 మంది పాల్గొన్నారు. మానడానికి ముందు నాలుగు రోజులు, మానిన ఏడు రోజులు, తర్వాత ఇంకో నాలుగు రోజులు వాళ్ళ ఫోన్లకే ప్రశ్నలు పంపి ఎలా ఉందో అడుగుతూ వచ్చారు. ఆ వారంలో చూడాలన్న తహతహ పెరిగింది, విసుగు పెరిగింది. 59 శాతం మంది కనీసం ఒక్కసారైనా మాట తప్పి చూశారు. వీళ్ళు చికిత్స కోసం వచ్చినవాళ్ళు కాదు, మామూలుగా వాడేవాళ్ళే. కాబట్టి మీకు జరిగింది మామూలు మనుషులకు జరిగేదే. ఫోన్ వణికినట్టు అనిపించడం కూడా అలాంటిదే. 2012లో అమెరికాలో కాలేజీ విద్యార్థుల్ని అడిగితే దాదాపు పదిమందిలో తొమ్మండుగురు తమకూ అలా అనిపించిందన్నారు. కబురు కోసం ఎదురుచూస్తున్న మనసు బట్ట రాసుకున్నా, కండరం చిన్నగా అదిరినా ఫోనేమో అనుకుంటుంది. దానికి బెంగపడక్కర్లేదు. అది ఏ వేళకు వచ్చిందో మాత్రం రాసుకోండి. మిగతా పేజీలో టైములు వేసిన మీరు దానికి వేయలేదు.

ఇక ఏడింటికి వచ్చిన చిరాకు. మీ పేజీలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఎందుకంటే ఇందులో ఒకటి కాదు, రెండు మూడు కలిసి ఉన్నాయనిపిస్తోంది. రోజంతా పనిచేసి వచ్చారు. ఆకలిగా ఉండుంటారు. మామూలు రోజున ఆ వేళకి ఫోన్ చూస్తూ ఆ అలసటని గమనించకుండా దాటేసేవారు. ఇవాళ దాటేయడానికి దారి లేదు కాబట్టి ఎప్పుడూ ఉండే అలసటే బయటికి కనిపించింది. అది అమ్మగారి మీద పడింది. దీన్నంతా "సోషల్ మీడియా లేక వచ్చిన చిరాకు" అని ఒకే ఖాతాలో రాస్తే తప్పు లెక్క వస్తుంది.

విడదీయడానికి ఒక పద్ధతి ఉంది. తహతహ వచ్చినప్పుడు దాన్ని తీర్చకుండా, దానితో పోట్లాడకుండా, ఎలా ఉందో చూస్తూ ఊరుకోవాలి. వ్యసనాల చికిత్సలో పనిచేసిన ఆలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని అల మీద తేలడంతో పోల్చారు. లేస్తుంది, పైకెళ్తుంది, విరుగుతుంది. మనం తీర్చకపోతే సాధారణంగా అరగంట లోపే దిగిపోతుంది. ఆకలి అలా దిగిపోదు, కాసేపు తగ్గినట్టు అనిపించినా తినేదాకా మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలసట కూడా అంతే, కూర్చుంటే తప్ప తగ్గదు. ఒంటరితనమైతే దాన్లో ఎవరో ఒక మనిషి ఉంటారు. "ఏదైనా చూడాలి" అనిపించదు, "ఫలానావాళ్ళు ఏం చేస్తున్నారో" అనిపిస్తుంది. అలా అనిపిస్తే దానికి మందు ఫోన్ పక్కన పెట్టడం కాదు, ఆ మనిషికి ఫోన్ చేసి మాట్లాడటం. మీరు మానేసింది సోషల్ మీడియా, మనుషుల్ని కాదు కదా.

అందుకని మీ ఏడింటి వాక్యాన్ని రేపు ఇలా రాసి చూడండి. నేను ఊహించి రాస్తున్నాను, మీరు నిజంగా జరిగింది రాయండి.

"7:05. గిన్నె పెట్టాను. మరగడానికి టైము పడుతుంది. చెయ్యి దానంతటదే జేబు దగ్గరికి వెళ్ళింది. ఏం చూడాలనుకున్నానో తెలియదు. దవడ బిగుసుకుంది. ఆకలిగా ఉంది. ఆరాటం 10కి 7. అమ్మ పిలిచింది, కసురుకున్నాను. 7:25. రెండు ముద్దలు తిన్నాను. చిరాకు పోయింది. చెయ్యి మాత్రం ఇంకా కదులుతోంది. 10కి 3."

చూశారా, చిరాకు ఆకలిదని, చెయ్యి కదలడం అలవాటుదని ఇక్కడ వేరువేరుగా తెలిసిపోయింది. "విపరీతమైన", "ఎందుకో" లాంటి మాటలు ఇందులో లేవు. వాటి బదులు ఎప్పుడు, ఎక్కడ, ఒంట్లో ఎక్కడ పట్టింది, ఇంకా ఏమేం ఉన్నాయి, ఎప్పటికి తగ్గింది అన్నవి ఉన్నాయి. 10కి ఎంత అని వేసే అంకె సరిగ్గా ఉందా అని ఆలోచించకండి, చటుక్కున తోచింది వెయ్యండి. ముఖ్యం ఆ రెండో అంకె. చాలామంది ఆరాటం ఎక్కినప్పుడు రాస్తారు, దిగినప్పుడు రాయరు. దాంతో వారం చివర డైరీ తిరగేస్తే అన్నీ ఎక్కిన క్షణాలే కనబడి, వారమంతా నరకం చూశామనిపిస్తుంది. ఎక్కినప్పుడు ఒక ముక్క, ఇరవై నిమిషాల తర్వాత ఇంకో ముక్క, అంతకంటే వద్దు. సాయంత్రమంతా మిమ్మల్ని మీరే కాపలా కాస్తూ కూర్చుంటే ఆ కాపలాయే ఇంకో ఆరాటమవుతుంది. ఇంకొకటి, రాసేది కాగితం మీదే రాయండి. ఫోన్లో రాయడానికి తీస్తే, రాయడం అయ్యాక వేలు ఎటు పోతుందో మీకు తెలుసు.

ఇప్పుడు మీరు అసలు అడగాలనుకున్న ప్రశ్న. ఆ పది నిమిషాలు నిజమేనా?

నిజమేననుకుంటున్నాను, ఎందుకో చెబుతాను. మీరు దాన్ని రప్పించడానికి ఏమీ చెయ్యలేదు. "ఇప్పుడు ప్రశాంతంగా ఉండాలి" అని కూర్చోలేదు. బట్టలు మడతపెడుతున్నారు. ఆ పనిని కాస్త దగ్గరగా చూడండి. ఒక బట్ట తీసుకుంటాం, దులుపుతాం, అంచులు కలుపుతాం, మడిచి పక్కన పెడతాం. అది అక్కడికి అయిపోయింది. తర్వాత ఇంకోటి. ప్రతి బట్టకీ ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. ఎంత అయిందో ఎంత మిగిలిందో పక్కనున్న రెండు కుప్పలే చెబుతాయి. ఫోన్లో వేలితో జరుపుతూ పోయే తెరకు ఇదే లేదు, కింద అంచు రాదు. అంచు లేనప్పుడు ఎక్కడ ఆగాలో ప్రతి క్షణం మనమే నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయం మనకు తెలియకుండానే అలుపు తేవచ్చు. బట్టల దగ్గర ఆ పని మీకు తప్పింది. పైగా ఆ మడత బాగుందో లేదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, పక్కవాళ్ళ మడతలు మీకు కనిపించవు కూడా.

అయితే ప్రశాంతతలా కనిపించేవి ఇంకో రెండున్నాయి, వాటిని దీనితో కలపకండి. ఒకటి "అబ్బ, సాధించేశాను" అన్న సంబరం. అది మంచిదే కానీ వెంటనే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది, ఒంట్లో కాస్త హుషారు ఎక్కుతుంది. రెండోది మొద్దుబారడం. ఇది జాగ్రత్తగా గమనించాల్సింది. నేను పైన చెప్పిన పరిశోధనలో, మానేసిన వారంలో సంతోషమూ కాస్త తగ్గినట్టు, చెడ్డగా అనిపించడమూ కాస్త తగ్గినట్టు కనిపించింది. తేడా చిన్నదే, దాని మీద పెద్ద మాటలు కట్టకూడదు. కానీ రెండు వైపులా గొంతు తగ్గితే బయటికి అదీ ప్రశాంతతలాగే ఉంటుంది.

తేడా తెలిసేది ఆ తర్వాత ఏం చేశామన్న దాంట్లో. నెమ్మదిగా ఉన్న మనసుకు చిన్న పని చాలు, పక్కనున్న దాన్ని మామూలుగా అందుకుంటుంది. మొద్దుబారిన మనసుకు ఏదీ చాలదు, ఇంకా పెద్ద చప్పుడు కావాలంటుంది, టీవీ పెట్టమంటుంది. మీరు ఎనిమిదీ నలభైకి ఏం చేశారో రాయలేదు. ఇవాళ్టి పేజీలో నాకు లోటుగా అనిపించింది అదే. గుర్తుంటే ఇప్పుడైనా పక్కన రాయండి.

అది ఎలా ఆగిపోయిందో కూడా రాయండి. పది నిమిషాలని అంత కచ్చితంగా ఎలా తెలిసింది? గడియారం చూసి ఉంటారు. ఆ గడియారం ఫోన్లోదైతే సమాధానం అక్కడే దొరుకుతుంది. లేదంటే, ప్రశాంతంగా ఉందని గమనించిన మరుక్షణం "ఇది బాగుందే, దీని గురించి ఏదైనా రాయాలి, నలుగురికీ చెప్పాలి" అన్న ఆలోచన వచ్చిందేమో చూడండి. రోజూ పోస్టులు పెట్టే అలవాటున్నవాళ్ళలో ఇది ఎక్కువగా చూస్తాను. అనుభవం పూర్తికాకముందే అది వాక్యంగా మారడం మొదలవుతుంది. అదే జరిగితే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, డైరీలో ఒక ముక్క పెట్టండి, "చెప్పాలనిపించింది" అని.

ఒక్క జాగ్రత్త. రేపు సాయంత్రం ఆ నెమ్మది కోసమని మళ్ళీ బట్టలు ముందేసుకుని కూర్చోకండి. మడతపెడుతూ మధ్యమధ్యలో "వచ్చిందా, వచ్చిందా" అని చూసుకుంటే రాదు. చేతులకు పని ఉండి, దానికో చివర ఉండే పనులు ఇంట్లో చాలానే ఉంటాయి. వాటిలో ఏదైనా ఒకటి ఆ ఆరున్నర సందులో పెట్టి చూడండి. వచ్చి ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోకుండా ఇంకోచోట కూర్చోండి, ఫోన్‌ని వేరే గదిలో పెట్టండి. నా సలహా అడిగితే ఏడు రోజులకూ ఈ రెండే చాలు. మెట్టు చివర్లో చెయ్యిని పట్టుకుని ఆపడంకంటే, మొదటి మెట్టునే మార్చడం తేలిక.

పడుకోబోయే ముందు వచ్చే గోల కాస్త వేరు. అది అన్నిటికంటే పొడుగాటి సందు, దాన్ని తెంచడానికి పొయ్యి మీద గిన్నె కూడా ఉండదు. పగలంతా వాయిదా పడిన ఆలోచనలు ఆ వేళకే వస్తాయి. వాటిలో రేపటి పనులేవైనా ఉంటే కాగితం మీద దించేయండి, మిగతావి రానివ్వండి. రెండు మూడు రాత్రులు నిద్ర ఆలస్యమైతే పర్వాలేదు. కానీ వారం అయిపోయాక కూడా నిద్ర పట్టకపోవడం, దిగులు, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం వదలకుండా ఉంటే దాన్ని ఫోన్ ఖాతాలో వేసి ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి. ఇన్నాళ్ళూ ఫోన్ కప్పిపెట్టింది అదే అయ్యుండొచ్చు.

మధ్యలో ఎప్పుడైనా చూసేస్తే? చూస్తే టైము వేసి రాయండి, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, తెరిచేముందు ఏం చేస్తున్నారు. వారాన్ని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టకండి. 2022లో బ్రిటన్‌లోని బాత్ యూనివర్సిటీవాళ్ళు వారం మానేయమని కొందరికి చెప్పి చేసిన ప్రయోగంలో, మానేసినవాళ్ళు కూడా ఆ వారంలో సగటున 21 నిమిషాలు చూశారు. రెండో గుంపువాళ్ళు మామూలుగా వాడుతూ 7 గంటలు చూశారు. ఆ 21 నిమిషాలు చూసినా సరే, మానేసినవాళ్ళకు మనసు ముందుకంటే బాగుందని వారం చివర్లో తేలింది. ఒకసారి తెరిచినంత మాత్రాన చేసిందంతా పోదు.

అమ్మగారికి మాత్రం ఈ సంగతి చెప్పండి. "ఈ వారం నేను ఇది మానేశాను, ఏడింటికి కొంచెం చిరాగ్గా ఉంటాను, ఆ టైములో ఏమైనా అంటే పట్టించుకోకు" అంటే ఆవిడకు అర్థమవుతుంది. ఇవాళ ఆ మాట ఎందుకు పడిందో ఆవిడకు తెలియదు కదా.

ఏడో సాయంత్రం ఒక పని చేయండి. ఏ యాప్‌నైనా తిరిగి తెరవకముందే ఏడు పేజీలూ ఒకసారి చదవండి. చెయ్యి వెళ్ళిన వేళలన్నిటికీ గీత గీయండి. ఎక్కువ గీతలు ఒకే వేళకు పడితే, ఆ ఒక్క వేళ మాత్రం ముందుముందు కూడా ఫోన్ వేరే గదిలో ఉండేలా చూసుకోండి. మిగతా వేళల్లో మామూలుగా వాడుకోండి, దానికి నా అభ్యంతరమేమీ లేదు. ఆ పేజీల్లో ఏం తేలిందో వీలైతే రాసి పంపండి, ముఖ్యంగా ఆ రెండో అంకెలు.